ట్రైపాడ్ కొనకు బరువు వేలాడదీస్తే ఏ కాలి మీద ఎంత బలం?

మూడు కాళ్లున్నాయి కాబట్టి బరువును మూడుతో భాగిస్తే ఒక్కో కాలి బలం వచ్చేస్తుందనుకోవడం ట్రైపాడ్ లెక్కలో తరచూ జరిగే పొరపాటు. ఇందులో తప్పులు రెండు. కాళ్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి వాటిలోని బలాలన్నీ కలిపితే బరువు కంటే ఎక్కువే అవుతాయి. పాదాలు సమదూరంలో లేకపోతే వాటాలు కూడా సమానంగా ఉండవు. కొలతలు చేతిలో ఉంటే సరైన జవాబుకు పట్టే శ్రమ కూడా పెద్దదేమీ కాదు, ఒక్క కోణం కూడా కొలవకుండానే లెక్క తేలిపోతుంది. ఆ దారిని ఒక నిర్దిష్టమైన ట్రైపాడ్ మీద మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

నేల చదునుగా ఉంది. ట్రైపాడ్ కొన నేలకు 4 మీటర్ల ఎత్తులో ఉంది. కొన నుంచి తూకం గుండు వదిలితే అది నేలను తాకే చోటు నుంచే పాదాల దూరాలన్నీ కొలుస్తాం. ఎ పాదం అక్కడి నుంచి 4 మీటర్లు తూర్పుకు, 2 మీటర్లు ఉత్తరానికి ఉంది. బి పాదం 4 మీటర్లు పడమరకు, 2 మీటర్లు ఉత్తరానికి ఉంది. సి పాదం సరిగ్గా 3 మీటర్లు దక్షిణంగా ఉంది. కొనకు 40 కిలోన్యూటన్ల బరువు, అంటే సుమారు నాలుగు టన్నులు, వేలాడుతోంది.

ముందుగా కాళ్ల అసలు పొడవులు కావాలి. ఎ కాలికి 4, 2, 4ల వర్గాలు కూడితే 16, 4, 16 కలిసి 36. వర్గమూలం 6 మీటర్లు. బి కాలు కూడా 6 మీటర్లే. సి కాలికి 3, 4ల వర్గాలు కలిసి 25, కాబట్టి 5 మీటర్లు. ఇక్కడే చాలామంది నేల మీద గీసిన ప్లాన్ చూసి ఎ కాలి పొడవు 4.47 మీటర్లని రాసేస్తారు. అది కాలి నీడ పొడవు మాత్రమే. దానితో ముందుకు వెళ్తే లెక్కంతా తప్పుతుంది, చూడటానికి మాత్రం బాగానే ఉంటుంది.

ఇక బలాల సంగతి. కాళ్ల రెండు చివరలూ పిన్‌తో కలిసినట్టు, అంటే తిరగడానికి వీలుగా ఉన్నట్టు భావిస్తాం. కాళ్ల సొంత బరువును ప్రస్తుతానికి పక్కన పెడతాం. అప్పుడు ప్రతి కాలిలోని బలం ఆ కాలి వెంబడే ఉంటుంది, మరో దిశలో ఉండే వీలే లేదు. కొన దగ్గర తెలియనివి మూడు, అంటే మూడు కాళ్లలోని బలాలు. ఆ బిందువు కదలకుండా ఉండాలంటే తూర్పు–పడమర, ఉత్తరం–దక్షిణం, పైకి–కిందికి అనే మూడు దిశల్లోనూ బలాలు సరిపోవాలి. మూడు తెలియని విలువలకు మూడు సమీకరణాలు. నాలుగో కాలు పెట్టిన క్షణాన ఈ సరితూకం పోతుంది. అప్పుడు ఏ కాలు ఎంత గట్టిది, ఏ పాదం కింద నేల ఎంత కుంగింది అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. మూడు కాళ్లకు ఆ బెడద లేదు. ఒక పాదం కొద్దిగా కుంగినా బలాలు దాదాపు మారవు.

సాధారణంగా ఇక్కడ ప్రతి కాలికీ మూడేసి కోణాల కొసైన్లు కట్టి, వాటితో సమీకరణాలు రాస్తారు. తప్పులు దొర్లేది అక్కడే. దానికంటే హాయైన దారి ఒకటుంది. కాలిలోని బలాన్ని ఆ కాలి పొడవుతో భాగించి, వచ్చిన విలువనే తెలియనిదిగా పెట్టుకోవడం. పుస్తకాల్లో దీన్ని టెన్షన్ కోఎఫిషియెంట్ అంటారు. 1920లో ఇంగ్లండుకు చెందిన సౌత్‌వెల్ ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఇక్కడ కాళ్లు నొక్కుడులో ఉంటాయి కాబట్టి కంప్రెషన్‌నే ధనాత్మకంగా తీసుకుని, దీన్ని మీటరు వాటా అందాం. అంటే కాలి పొడవులో ఒక్కో మీటరుకు ఎన్ని కిలోన్యూటన్లు అని. దీని సౌకర్యం ఏమిటంటే, మీటరు వాటాను కాలి తూర్పు–పడమర కొలతతో గుణిస్తే ఆ దిశలోని బలం నేరుగా వస్తుంది. ఎత్తుతో గుణిస్తే నిలువు బలం వస్తుంది. కొసైన్ల అవసరమే రాదు, కొలతలే సమీకరణాలవుతాయి.

మూడు కాళ్ల మీటరు వాటాలను a, b, c అందాం. నొక్కుడులో ఉన్న కాలు కొనను పాదం నుంచి దూరంగా తోస్తుంది. తూర్పున ఉన్న ఎ కాలు కొనను పడమరకు తోస్తే, పడమరన ఉన్న బి కాలు తూర్పుకు తోస్తుంది. ఎ, బి రెండూ కలిసి దక్షిణానికి తోస్తే, సి ఒక్కటే ఉత్తరానికి తోస్తుంది. మూడూ కలిసి బరువును పైకి మోస్తాయి.

```
తూర్పు-పడమర :  4a = 4b
ఉత్తరం-దక్షిణం :  2a + 2b = 3c
నిలువు        :  4a + 4b + 4c = 40
```

మొదటి దాని ప్రకారం a, b సమానం. రెండో దాంట్లో పెడితే 4a = 3c. మూడో దాని ప్రకారం మూడూ కలిపి 10. కాబట్టి a = 3, b = 3, c = 4. ఇప్పుడు పొడవులతో గుణిస్తే చాలు. ఎ కాలిలో 3 × 6 = 18 కిలోన్యూటన్లు, బి కాలిలో 18, సి కాలిలో 4 × 5 = 20. మూడూ కంప్రెషనే. మూడుతో భాగించిన లెక్క చెప్పిన 13.3తో పోల్చి చూడండి. అన్నిటికంటే పొట్టిదైన సి కాలి మీదే ఎక్కువ బలం పడింది. అసలు బలంలో మూడింట ఒక వంతును మూడుతో భాగించిన లెక్క మింగేసింది.

జవాబు సరైనదో కాదో తేల్చుకోవడానికి అవే సమీకరణాల్లో విలువలు తిరిగి పెడితే చాలదు. సమీకరణమే తప్పుగా రాసుంటే ఆ తప్పు అలా బయటపడదు. వేరే దారిలో సరిచూడాలి. మీటరు వాటాను ఎత్తుతో గుణిస్తే పాదాల కింద నిలువు బలాలు వస్తాయి: ఎ కింద 12, బి కింద 12, సి కింద 16, మొత్తం 40. ఇప్పుడు ఎ, బి పాదాలను కలిపే గీతను ఇరుసుగా ఊహించి మొత్తం ట్రైపాడ్‌ను దాని చుట్టూ తిప్పి చూడండి. బరువు ఆ గీతకు 2 మీటర్ల దూరంలో ఉంది, కాబట్టి 40 × 2 = 80. సి పాదం 5 మీటర్ల దూరంలో ఉంది, 16 × 5 = 80. సరిపోయింది. ఈ సరిచూపులో ఏటవాలు పొడవులు రానేరావు కాబట్టి మొదటి లెక్కలో సంజ్ఞ తప్పినా, ఒక కొలత తారుమారైనా ఇక్కడ పట్టుబడుతుంది.

ఆ 12, 12, 16ల వెనక ఒక చక్కని విషయం ఉంది. తూకం గుండు నేలను తాకిన చోటు నుంచి మూడు పాదాలకూ గీతలు గీస్తే పాదాల త్రిభుజం మూడు చిన్న త్రిభుజాలుగా విడిపోతుంది. ఒక్కో పాదం మోసే నిలువు బరువు, దానికి ఎదురుగా ఉన్న చిన్న త్రిభుజం వైశాల్యానికి అనులోమంగా ఉంటుంది. సి పాదానికి ఎదురుగా, ఎ–బి అంచు మీద ఉన్న త్రిభుజం మొత్తంలో ఐదింట రెండు వంతులు. 40లో ఐదింట రెండు వంతులంటే 16. జర్మన్ గణిత శాస్త్రవేత్త మోబియస్ 1827లో ప్రకటించిన కేంద్రభార నిరూపకాలు ఇవే. కాగితం మీద ప్లాన్ ఉంటే చాలు, లెక్క మొదలుపెట్టక ముందే ఏ పాదం మీద ఎక్కువ పడుతుందో కంటితో చెప్పేయవచ్చు.

దీనివల్ల ఇంకో అంశం కూడా తేటతెల్లమవుతుంది. గుండు తాకే చోటు త్రిభుజం లోపల ఉన్నంతసేపు మూడు వాటాలూ ధనాత్మకమే, మూడు కాళ్లూ నొక్కుడులోనే ఉంటాయి. ఆ చోటు ఒక అంచు మీదికి జరిగితే ఎదుటి కాలిలో బలం సున్నా. అంచు దాటితే ఆ కాలు లాగుడులో పడుతుంది. నేలకు బిగించకపోతే దాని పాదం లేచిపోతుంది.

బరువు నిలువుగానే వేలాడుతుంటే ఆ చోటు తనంతట తాను జరగదు. పక్కకు లాగే బలం తోడైతే మాత్రం, బరువూ ఆ లాగుడూ కలిసిన బలం నేలను తాకే చోటు జరుగుతుంది. వేలాడే బరువును పక్కకు గుంజి దించేటప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. కొనను తూర్పుకు 12 కిలోన్యూటన్లతో లాగుతున్నారనుకోండి. మొదటి సమీకరణం ఒక్కటే మారుతుంది: 4a = 4b + 12. మిగతా రెండూ అలాగే ఉంటాయి కాబట్టి c మళ్లీ 4, a + b మళ్లీ 6. a, b ల మధ్య తేడా 3, అంటే a = 4.5, b = 1.5. ఎ కాలిలో 27 కిలోన్యూటన్లు, బి కాలిలో 9, సి కాలిలో మార్పులేని 20. లాగే వైపు ఉన్న కాలు బరువెక్కుతుంది, ఎదుటిది తేలికవుతుంది.

బి కాలు పూర్తిగా ఖాళీ కావాలంటే b సున్నా కావాలి, అప్పుడు a = 6, లాగుడు 24 కిలోన్యూటన్లు. ఇదే సంగతిని నేల మీద కూడా చూడవచ్చు. 40 కిందికి, 24 తూర్పుకు కలిసిన ఫలిత బలాన్ని కొన నుంచి కిందికి పొడిగిస్తే అది గుండు చోటుకు 4 × 24 ÷ 40 = 2.4 మీటర్ల తూర్పున నేలను తాకుతుంది. ఎ, సి పాదాలను కలిపే గీత కూడా సరిగ్గా అక్కడే దాటుతుంది. లాగుడు 30కి చేరితే b = –0.75, అంటే బి కాలిలో 4.5 కిలోన్యూటన్ల టెన్షన్. ఆ పాదాన్ని కిందికి పట్టి ఉంచడానికి 3 కిలోన్యూటన్లు కావాలి. ఆ పట్టు లేకపోతే ట్రైపాడ్ ఎ–సి అంచు మీదుగా తిరగబడుతుంది. రుణ సంజ్ఞ వచ్చినప్పుడు దాన్ని లెక్కలో దొర్లిన తప్పుగా భావించి గుర్తు మార్చి రాసుకునేవారిని చాలాచోట్ల చూస్తాం. ఆ గుర్తు మీకు అందిన హెచ్చరిక. దాన్ని చెరిపేయకండి.

పక్కకు లాగడం కంటే తరచుగా జరిగేది, అయినా లెక్కలో ఎక్కువగా మరిచిపోయేది వించి తాడు. కొన దగ్గర ఒక కప్పీ, దాని మీదుగా తాడు, ఒక చివర 40 కిలోన్యూటన్ల బరువు, రెండో చివర ఎ కాలి పాదం దగ్గర బిగించిన వించి. ఘర్షణ లేదనుకున్నా బరువును ఆపడానికి తాడులో 40 కిలోన్యూటన్లు ఉండాల్సిందే. ఆ తాడు కప్పీకి రెండు వైపులా లాగుతుంది. బరువు వైపు కిందికి 40, వించి వైపు కాలి వెంబడి 40. రెండో లాగుడు సరిగ్గా ఎ కాలి దిశలోనే ఉంది కాబట్టి అది మిగతా కాళ్లకు అంటదు, మొత్తం ఎ కాలికే చేరుతుంది. అలా 18 కిలోన్యూటన్ల కాలు 58 కిలోన్యూటన్ల కాలవుతుంది. బి, సి కాళ్లకు ఏమీ తెలియదు. నేల కింద బలాలు కూడా మారవు, ఎందుకంటే తాడు పాదాన్ని ఎంత పైకి గుంజితే కాలు అంత కిందికి తొక్కుతుంది. పాదాల దగ్గర బరువు తూచి చూసినా ఈ అదనం కనబడదు. అందుకే ఇది ప్రమాదకరం.

ఆ 58 ఎంత పెద్దదో తెలియాలంటే కాలు ఏం మోయగలదో చూడాలి. కాళ్లు 88.9 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు గొట్టాలనుకుందాం. గొట్టం అడ్డుకోత వైశాల్యం సుమారు 1067 చదరపు మిల్లీమీటర్లు. 250 మెగాపాస్కల్స్ దగ్గర సాగే ఉక్కయితే నలిగే బలం 267 కిలోన్యూటన్ల దాకా ఉంటుంది, భయమే లేదనిపిస్తుంది. కానీ పొడవాటి సన్నని కాలు నలిగేదాకా ఆగదు, ముందే పక్కకు వంగిపోతుంది. దాన్నే బక్లింగ్ అంటాం. కాలు ఎంత బలానికి వంగుతుందో ఆయిలర్ సూత్రం చెబుతుంది. అందులో P ఆ బలం, E ఉక్కు సాగుదలను ఎంత అడ్డుకుంటుందో చెప్పే విలువ, I గొట్టం అడ్డుకోత ఆకారం వంపును ఎంత అడ్డుకుంటుందో చెప్పే విలువ, L కాలి పొడవు:

```
P = π² E I / L²
E = 200 GPa,  I = 96.3 cm⁴,  L = 6 m
P ≈ 52.8 kN
```

18 కిలోన్యూటన్లకు ఈ కాలు దాదాపు మూడు రెట్ల నిలకడతో ఉంది. వించి తాడు చేరాక 58. అంటే తిన్నని ఆదర్శ గొట్టం కూడా నిలవని బలం. నిజమైన గొట్టాల్లో కొద్దిపాటి వంకర ఎలాగూ ఉంటుంది కాబట్టి ఇంకా ముందే వంగుతుంది. ఎత్తుతున్న బరువు మారలేదు, ట్రైపాడ్ మారలేదు, వించిని ఎక్కడ బిగించారన్నదే మారింది. బరువు దగ్గర కదిలే కప్పీ ఒకటి చేర్చి తాడును రెండు పోగులు చేస్తే తాడులో బలం 20కి తగ్గుతుంది, ఎ కాలు 38 దగ్గర ఆగుతుంది. కొనకే చైన్ బ్లాక్ వేలాడదీస్తే గొలుసు లాగే మనిషి బలం తప్ప అదనం దాదాపు ఉండదు. వించిని పాదం దగ్గర కాకుండా దూరంగా నేలలో పాతితే ఆ తాడు బలాన్ని మూడు దిశలుగా విడదీసి మూడు సమీకరణాల్లోనూ చేర్చాలి. అప్పుడు పక్కలాగుడు, అదనపు బరువు రెండూ కలిసి వస్తాయి.

ఈ లెక్క నిలబడాలంటే కాళ్ల నడిరేఖలు మూడూ ఒకే బిందువులో కలవాలి. కొన దగ్గర ప్లేటుకు బోల్టులు వేసేటప్పుడు ఒక కాలు 50 మిల్లీమీటర్లు పక్కకు జరిగిందనుకోండి. సి కాలిలో 20 కిలోన్యూటన్ల బలం 0.05 మీటర్ల దూరంలో 1 కిలోన్యూటన్–మీటరు వంపు తెస్తుంది. పై గొట్టంలో నేరు నొక్కుడు వల్ల ఒత్తిడి సుమారు 19 మెగాపాస్కల్స్ అయితే, ఈ వంపు వల్ల వచ్చేది సుమారు 46. అంటే చిన్న పక్కజరుగుడు తెచ్చే ఒత్తిడి అసలు బరువు తెచ్చే ఒత్తిడికి రెట్టింపు కంటే ఎక్కువ. దీనితో పోలిస్తే గొట్టాల సొంత బరువు చిన్న విషయం. ఒక్కో ఆరు మీటర్ల కాలు సుమారు యాభై కిలోలే ఉంటుంది, అందులో సగం కొనకు, సగం పాదానికి పంచితే సరిపోతుంది.

కాళ్లను ఎంత వెడల్పుగా పరచాలన్నది ఇంకో ప్రశ్న. పాదాలను అక్కడే ఉంచి కొనను 2 మీటర్లకు దించితే మూడు మీటరు వాటాల మొత్తం 40 ÷ 2 = 20 అవుతుంది. కాళ్లు పొట్టివవుతాయి, కానీ ఆ తగ్గుదల సరిపోదు. ఎ, బి కాళ్లలో 29.4, సి కాలిలో 28.8 కిలోన్యూటన్లు. 1 మీటరుకు దించితే ఎ, బిలో 55, సిలో 50.6. ఎత్తు సున్నాకు చేరుతుంటే బలాలు హద్దు లేకుండా పెరుగుతాయి. కాళ్లు మూడూ ఒకే తలంలో పడ్డప్పుడు నిలువు బరువును మోసే దిశే వాటికి ఉండదు. మూడు పాదాలు ఒకే గీత మీదికి వచ్చినా ఇదే గతి. అప్పుడు కంప్యూటర్ సమీకరణాలను విప్పలేనని చెబుతుంది. దాదాపు గీత మీద ఉన్నప్పుడు మాత్రం విప్పి పెద్ద పెద్ద సంఖ్యలిస్తుంది. బరువుకు అనేక రెట్ల బలాలు కనిపిస్తే ముందు పాదాల త్రిభుజం ఎంత సన్నగా ఉందో చూడండి.

చివరగా పాదాలు. ఎ పాదం నేలను 12 కిలోన్యూటన్లతో కిందికి తొక్కుతుంది. అదే సమయంలో బయటికి 12 తూర్పుకు, 6 ఉత్తరానికి, కలిసి 13.4 కిలోన్యూటన్లతో నెడుతుంది. తొక్కుడు కంటే నెట్టుడే ఎక్కువ. జారకుండా ఉండాలంటే ఘర్షణ గుణకం కనీసం 1.12 కావాలి. కాంక్రీటు మీద ఇనుప పాదానికి అంత ఉండదు. సి పాదానికి 0.75 కావాలి, అది కూడా నమ్మదగింది కాదు. బరువు ఎంత తగ్గించినా ఈ నిష్పత్తులు మారవు, ఎందుకంటే ఇవి కాలి వాలును బట్టి వచ్చినవి. తక్కువ బరువుకు జారకపోతే ఎక్కువ బరువుకూ జారదన్న మాట పొడి నేల మీద నిజమే కావచ్చు, కానీ తడి లేదా నూనె పడితే ఏ బరువుకైనా జారుతుంది.

అందుకే పాదాలను గొలుసులతోనో కడ్డీలతోనో ఒకదానికొకటి కట్టాలి. వాటిలో బలాలకు కూడా మీటరు వాటా పద్ధతే పనికొస్తుంది. సి పాదం దక్షిణానికి 4 × 3 = 12 కిలోన్యూటన్లతో నెడుతుంది. సి నుంచి ఎ, బి వైపు పోయే రెండు కట్లూ ఉత్తరానికి 5 మీటర్లు సాగుతాయి, రెండూ సమానంగా లాగుతాయి. ఒక్కోదాని మీటరు వాటా 12 ÷ 10 = 1.2. కట్టు పొడవు 6.4 మీటర్లు కాబట్టి అందులో సుమారు 7.7 కిలోన్యూటన్ల టెన్షన్. ఎ పాదం దగ్గర తూర్పు నెట్టుడు 12లో 4.8ని సి వైపు కట్టే ఆపుతుంది, మిగిలిన 7.2ని ఎ–బి కట్టు మోయాలి. ఉత్తరపు 6ని సి వైపు కట్టు పూర్తిగా ఆపేస్తుంది, సరితూకం మిగలకుండా కుదిరింది. నిలువు బరువు ఒక్కటే ఉన్నప్పుడు ఈ మూడు కట్లతో పాదాల కింద ఘర్షణ సున్నా అయినా ట్రైపాడ్ నిలుస్తుంది.

పక్కకు లాగుతున్నప్పుడు మాత్రం అది నిజం కాదు. కొనను 12 కిలోన్యూటన్లతో తూర్పుకు లాగుతుంటే కట్లు ఎంత బలమైనవైనా ఆ 12ని తమలో తాము సర్దుకోలేవు. ఎక్కడో ఒక పాదం దగ్గర నేల ఆ 12ని పడమరకు వెనక్కి తోయాలి. ఆ పాదానికి నేలలో పాతిన మేకో, గుంటో, బోల్టో ఉండాలి, దాన్ని 12 కిలోన్యూటన్లకు విడిగా సరిచూడాలి.